మూత తెరిచి ఉండగా వెలిగిన దీపం

ఉప్పలగుప్తం దగ్గర ఒక రొయ్యల మేత ఫ్యాక్టరీలో నేను ఎలక్ట్రీషియన్‌ని. రెండువేల సంవత్సరం దాటాక మిక్సరుకి పీఎల్‌సీ, అంటే మిషన్ని నడిపే చిన్న కంప్యూటరు, పెట్టాం. మూత పడిందని సెన్సార్ చెబితే పీఎల్‌సీ మీద చిన్న పచ్చదీపం వెలిగి, మిక్సరు తిరగాలి. స్టార్టు బటన్ నొక్కే పని కూడా లేకుండా ఆ ప్రోగ్రాం రాసింది నేనే. ఆ సంగతి పదిమందికీ చెప్పుకున్నాను కూడా.

మిక్సరులోకి దిగి శుభ్రం చేసే పెద్దాయన రోజూ మిక్సరు పక్క పెట్టెలోంచి మోటారు ఫ్యూజులు మూడూ పీకి తువ్వాలులో మూట కట్టుకునేవారు. మూత తీసి ఉంటే పీఎల్‌సీయే తిరగనివ్వదు, ఆ చాదస్తం మానెయ్యమన్నాను. ఆయన తలూపి "ఆయ్" అన్నారు.

కొన్ని నెలలకి ఆ దీపం ఇష్టం వచ్చినట్టు ఆరి వెలగడం మొదలైంది. మూత వేసి ఉన్నా మిక్సరు ఆగేది. సెన్సార్ మార్చాను, లాభం లేదు. వైరును పీఎల్‌సీలో పక్క పాయింటుకి మారిస్తే ఆ పాయింటు దీపమూ అలాగే కొట్టుకుంది. వైరు ఊడదీస్తే మాత్రం ఆరిపోయి, మళ్ళీ వెలగలేదు. అంటే పీఎల్‌సీ బాగానే ఉంది, తేడా వైరు దారిలో ఉంది. మేనేజరుగారు సెన్సార్‌ని తప్పించి వైరు ముక్కతో జంపరు వేసెయ్యమన్నారు. రేపు చూద్దామని నీళ్ళు నమిలాను.

మర్నాడు ప్యానెల్ తెరిచి చూస్తున్నాను. ఎదురుగా మిక్సరు మూత తీసి ఉంది, పెద్దాయన నడుం దాకా లోపలున్నారు. పక్కన ఫ్యాన్ వేగం మార్చే డ్రైవు అందుకోగానే పచ్చదీపం వెలిగింది. మిక్సరు మోటారుకి కరెంటు కలిపే కాంటాక్టరు ఠక్కున పడింది.

 మెయిన్ దింపేసి పరుగెత్తాను. ఆయన లోపలినుంచి తల పైకెత్తి, నా మొహం చూసి, తువ్వాలు ముడి విప్పారు. మూడు ఫ్యూజులూ ఉన్నాయి.

"మీరు వద్దన్నారు కదాండీ, అందుకే మీకు చెప్పలేదు."

నాకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

డ్రైవు అందుకోగానే దీపం వెలిగిందంటే దాని కరెంటు ఎర్త్‌లోకి పోక దారి తప్పుతోందని, ఆ పూటే ఎర్త్ గొయ్యి తవ్వించాను. మంచినీళ్ళు ట్యాంకరువి కాబట్టి, ఉప్పు ఎర్త్‌కి మంచిదేనని ఫ్యాక్టరీవాళ్ళు ఆ గోతిలో రోజూ రొయ్యల చెరువు ఉప్పునీళ్ళే పోసేవారు. చూస్తూ నేనూ ఊరుకున్నాను. ఎర్త్ పట్టీ బోల్టు దగ్గర తుప్పు తినేసి తెగిపోయి ఉంది. దారి లేక, డ్రైవు మోటారు పారేసే కరెంటు సెన్సార్ కేబుల్ మీది షీల్డు అనే లోహపు అల్లిక గుండా ప్యానెల్‌కి వస్తోంది. ఆ షీల్డును రెండు చివరలా ఎర్త్ చేసింది నేనే. పైగా ఆ కేబుల్‌ని మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో పడేశాను.

కొత్త పట్టీ వేసి, సెన్సార్ కేబుల్‌ని వేరే పైపులో లాగి, షీల్డు ప్యానెల్ వైపే ఎర్త్ చేశాను. మూత తీసి, ఫ్యాన్ నడిపి, గంటసేపు దీపం వైపే చూస్తూ కూర్చున్నాను. వెలగలేదు. ప్రోగ్రాంలో స్టార్టు బటన్ కూడా మళ్ళీ పెట్టాను.

అయినా ఆ మర్నాడు పెద్దాయన దిగబోయేముందు ఫ్యూజులు మూడూ నేనే పీకి ఆయన చేతిలో పెట్టాను.