లాంపు ఆరిందని కొట్టిన కొబ్బరికాయ

నర్సీపట్నంలో నాదొక టాక్సీ కారు. పొద్దున్నే నలుగురు టీచర్లని ఎక్కించుకుని కొండ ఘాటీ మీదుగా చింతపల్లిలో దించడం, బడి వదిలాక మళ్లీ కిందకి తీసుకురావడం, అదే నా బతుకుతెరువు. వాళ్లలో పెద్ద మేడంగారు ఎప్పుడూ వెనక కిటికీ పక్కనే కూర్చుంటారు. మొన్న చలికాలంలో ఆవిడే మొదట అన్నారు, "బాబూ, బండి ఆగినప్పుడల్లా పచ్చి పెట్రోలు వాసనొస్తోంది. నాకు తల తిరుగుతోంది."

బండిని అంటే నన్ను అన్నట్టే నాకు. సర్రున కోపమొచ్చింది. "ఘాటీ మలుపులండి మేడం. ఖాళీ కడుపుతో ఎక్కితే అలాగే ఉంటాది. ఓ నిమ్మకాయ దగ్గరెట్టుకోండి" అన్నాను. మిగతా ముగ్గురూ నవ్వేశారు. మర్నాడు ఆవిడ నిజంగానే నిమ్మకాయ తెచ్చుకున్నారు పాపం.

ఆ వారంలోనే మీటర్ల మధ్య ఇంజన్ బొమ్మ లాంపు వెలిగింది. చూస్తే పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు కూడా మర్నాటితో సరి. అది లేకుండా ఘాటీ ఎక్కి ఎక్కడైనా పోలీసులు ఆపితే టీచర్లు దార్లో నిలబడాలి. అలా ఒక్కసారి జరిగిందా, వేరే కారు మాట్లాడేసుకుంటారు.

చింతపల్లి స్టాండులో తోటి డ్రైవరు దగ్గర ఫోనుతో పనిచేసే చిన్న పరికరం ఉంది. అడిగి తీసుకుని స్టీరింగు కింద గుచ్చి, ఫోను తెర మీద తప్పు కోడ్ చెరిపేయమని నొక్కాను. లాంపు టక్కున ఆరిపోయింది. ఓరి నీ! ఇంత సులువా అనుకుని, స్టాండులో అందరి ముందూ బండికి కొబ్బరికాయ కొట్టాను. సాయంత్రం టీచర్లకి తలో ముక్కా ఇచ్చి, "బండి బాగైపోయిందండి" అన్నాను.

కిందకి దిగుతుంటే పెద్ద మేడంగారు మెల్లిగా, "లాంపు పోయింది గానీ వాసన పోలేదు బాబూ" అన్నారు.

"అది మీ మనసులో ఉందండి" అనేశాను. ఎంత మాట! నా నోరు పడిపోను.

ఊళ్లోకి రాగానే బంకు పక్కనున్న పొల్యూషన్ సెంటర్లోకి తిప్పాను. వాళ్లంతా బండి దిగి చూస్తున్నారు. అక్కడి మనిషి సైలెన్సర్లో గొట్టం పెట్టి కంప్యూటర్ వైపు చూసి తలడ్డంగా ఊపాడు. "విషవాయువు ఎక్కువుంది. ఫెయిలు."

"ఏటి ఫెయిలు? లాంపే లేదు కదా!" అని గొంతు పెంచాను.

"నేను చూసేది మీ లాంపు కాదండి. మీ పొగ."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పెద్ద మేడంగారు చేతిలో కొబ్బరిముక్క అలాగే ఉంది. "రేపట్నుంచి నేను బస్సులో వెళతాను బాబూ" అని ఆటో ఎక్కేశారు. భూమిలోకి కూరుకుపోతే బాగుణ్ణనిపించింది నాకు.

తిన్నగా మా బావ మెకానిక్ షెడ్డుకి పోయాను. స్కానర్ పెట్టి చూసి బావ నన్ను ఉతికేశాడు.

"నువ్వు సెరిపింది జబ్బు గుర్తునిరా, జబ్బుని కాదు! బండి దానంతటది పరీక్ష సేసుకున్న లెక్కలు కూడా తుడిసేసినావు. సూడు, సగం పరీక్షలింకా పూర్తికానేదు. ఘాటీ దిగినప్పుడు తప్పు ఓసారి దొరికింది, లోపల రాసుకుంది. ఇంకో ప్రయాణంలో మళ్లీ దొరికితేనే లాంపెలిగిస్తాది. అందాకా లాంపు ఎలగనేదంటే బాగున్నట్టేటి?"

వైర్లు బాగానే ఉన్నాయి. చెడింది సైలెన్సర్ గొట్టానికి ఉండే ఆక్సిజన్ సెన్సర్. పెట్రోలు చాలట్లేదని అది ఇంజన్‌కి తప్పుడు కబురు చెబుతోంది, ఇంజన్ నమ్మి పోస్తూనే ఉంది. "ఎనక కూసున్నోళ్లకి వాసన రాదేటి మరి?" అన్నాడు బావ. ఇన్నాళ్లూ ఆవిడ చెప్పిందే ఆ మిషనూ చెప్పింది. మిషను చెబితే గానీ నేను వినలేదు, ఛీ.

సెన్సర్ మార్చి, ఆ పరీక్షలు పూర్తయ్యేదాకా బావ నా పక్కన కూర్చుని రోడ్డు మీద తిప్పించాడు. మర్నాడు పొద్దున్నే సెంటర్ తెరవగానే బండి పాసయింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని బస్సుల కాంప్లెక్సు దగ్గరకి బేగి పోయాను. పెద్ద మేడంగారు చింతపల్లి బస్సు కోసం చలిలో నిలబడి ఉన్నారు. ఎదురుగా ఆపి, దిగి, వెనక తలుపు తీశాను. "మీరు చెప్పిందే నిజమండి. తప్పయిపోయింది. బాగు చేయించాను, ఎక్కండి" అన్నాను. కాగితం తీసి చూపించబోయాను.

ఆవిడ కాగితం వైపు చూడలేదు. నా మొహంలోకి చూసి, సంచి సర్దుకుంటూ అడిగారు, "నిమ్మకాయ తెచ్చుకోలేదు బాబూ ఇవాళ. ఎక్కచ్చా?"