కుప్పం మేనత్త కప్పులో ఆవిరి

పుంగనూరులో నా ఫొటో స్టూడియోకి ఎదురింటాయన ఒకరోజు పొద్దున్నే ఫోన్ పట్టుకుని వచ్చాడు. ముందురోజు వాళ్లమ్మాయికి ఇంట్లో పెళ్లిచూపులు. కుప్పం నుంచి వచ్చిన మగపెళ్లివాళ్లలో పిల్లోడి మేనత్త రాహుకాలం దాటేదాకా పిల్లను చూసేది లేదని పట్టుబట్టింది. కప్పుల్లో పోసిన టీ కూడా వంటింట్లో రాహుకాలం దాటేదాకా కూర్చుంది.

"సల్లారిపోయిన టీ ఇచ్చినారని పిల్లోడి మేనత్త ఊరంతా చెప్తాండాదమ్మా. మర్యాద తెలీని సంబంధం వద్దంటాండాది. నిన్న తీసిన ఈ ఫొటోలో ఆమె కప్పుకి రవ్వంత పొగ పెట్టియ్యి. వాట్సాప్‌లో పంపిస్తా."

అబద్ధమే. కానీ టీని తనే చల్లార్చి, తనే తప్పుపట్టే మనిషంటే నాకు ఒళ్లుమంట. సరేనన్నాను.

నల్లటి గుడ్డ ముందు తీసిన ఆవిరి ఫొటో నా దగ్గర ఉంది. కంప్యూటర్‌లో దాన్ని ఆయన ఫొటో పైన పరిచి స్క్రీన్ మోడ్‌లో పెడితే నలుపు మాయమై ఆవిరి ఒక్కటే మిగులుతుంది. కప్పులోంచి తెల్లగా, నిటారుగా లేచింది.

"అబ్బ, సూడు ఎంత బాగుండాదో!" అని ఆయన మురిసిపోయాడు.

"ఏం బాగుండాదన్నా? కిటికీ కర్టెన్ గాలికి కుడిపక్కకి ఎగరతాండాది. నీ పొగ ఒక్కటే యాల అట్ల నిలబడుకోనుండాది?"

ఆవిరిని కుడికి వంచాను. కప్పు అంచు మీద పడినదాన్ని చెరిపి, టీ మీదనుంచే లేచేలా చేశాను. పైకి పోయేకొద్దీ వెడల్పు చేసి, మెత్తటి బ్రష్‌తో కరిగించాను. మేనత్త ముదురు ఎరుపు చీర ముందు కనబడే ఆవిరి తెల్లగోడ ముందు కనబడదు, అక్కడ పూర్తిగా తీసేశాను. చీర జరీ అందులోంచి కనబడేదాకా పలుచన చేశాను. ఆమె కప్పు ఒక్కటే పొగలు కక్కితే నవ్వుతారని మిగతావాటికీ పెట్టాను, ఒక్కోదానికి ఒక్కో వంపు.

మర్నాడు ఆయన మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఆ ఫొటో సూసి ఏమంటాండాదో తెలుసునా? ‘ఇప్పుడు గుర్తొచ్చ. ఆ టీకే నా నాలిక కాలిపోయ. అందుకే తాగకుండా పెట్టేస్తి’ అంటాండాది. కొంచెం తగ్గించమ్మా!"

నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాను. ఆయనకు మాత్రం ఏడుపే తక్కువ. పిల్ల పెళ్లి ఆగుతుందేమోనని ఆయన భయం.

"తగ్గించేది లేదన్నా. ‘మా ఇంట్లో టీ అంత వేడిగుంటాది, ఊదుకోని తాగల్ల’ అని చెప్పు," అన్నాను.

చెప్పాడు. వేడి టీ ఇచ్చారని సంబంధం వద్దనుకునేవాళ్లు కుప్పంలో కూడా ఉండరు. ముహూర్తం పెట్టుకున్నారు.

మదనపల్లెలో పెళ్లి. కెమెరా నాదే. తలంబ్రాలయ్యాక వంటవాళ్లు టీ పంచారు. ఒక గుక్క తాగి పక్కన పెట్టేశాను, నీళ్లలా చల్లగా ఉంది. ఎదురుగా మేనత్త అదే టీ కప్పు రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని, కళ్లు చిన్నవి చేసుకుని ఊదుతోంది. పెళ్లికూతురు తండ్రి నా వైపు చూసి గబుక్కున తల తిప్పుకున్నాడు.

"కాలతాండాదా అత్తా?" అని అడిగాను.

"ఈళ్లింటి టీ నీకు తెలీదులేమ్మా," అని మళ్లీ ఊదింది.