తోమని ముద్ద

రాగిచెంబు తళతళలాడుతుంటే ఆ ఇంటి ఇల్లాలు మంచిదంటారు మావైపు. ఈ మాట పుట్టించినవాళ్లకు పాత నాణెం ఒక్కటీ దొరికి ఉండదు. దొరికి ఉంటే దాన్నీ చింతపండుతో తోమి, దేవుడి గూట్లో పెట్టి, అయిదువందల ఏళ్ల చరిత్రను తూములోకి పంపించి ఉండేవాళ్లు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మద్రాసులో చరిత్ర చదివి, బి.ఏ. పట్టా పుచ్చుకుని, గురజాలలో మా నాన్న ఇంటికి చేరాను. నాన్న అక్కడ ప్లీడరు. నా చదువు ఎందుకూ పనికిరాదని చుట్టాలు తీర్మానించేశారు. వాళ్లతో వాదించడం తప్ప నాకూ వేరే ఉద్యోగం లేదు.

కాలేజీలో మాకు చరిత్ర చెప్పిన మేడమ్‌కు నాణేలంటే ప్రాణం. మమ్మల్ని మ్యూజియానికి తీసుకెళ్లి, పుస్తకం ముట్టుకోనిచ్చేది కాదు. ముందు చేతిలో పెట్టుకుని బరువు చూడమనేది. తర్వాత అంచు, తర్వాత సుత్తిదెబ్బ పడిన తీరు, అన్నిటికన్నా చివర అక్షరం. అక్షరం చూసి మోసపోవడం తేలిక, అంచు చూసి మోసపోవడం కష్టం అనేది. ఆ మాట నాకు గురజాలలో పనికొస్తుందని ఆమే అనుకుని ఉండదు.

మా వీధి చివర కళాయి వేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. ఊరందరి ఇత్తడి, రాగి గిన్నెలూ ఆయన తిత్తి ముందుకు రావాల్సిందే. ఎంత నల్లబడిన గిన్నెనైనా ఇసుకతో, చింతపండుతో రుద్ది, నవసాగరం చల్లి, తగరం పూసి, కొత్తపెళ్లికూతురిలా చేసి ఇచ్చేవాడు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన నన్ను చిన్నమ్మా అనేవాడు. ఇంట్లో ఆయనా, నేను మామ్మా అని పిలిచే వాళ్లమ్మా ఇద్దరే.

ఆయన కొలిమి పాకకు గోడ పెడదామని పునాది తవ్వుతుంటే ఒక కుండ పగిలింది. అందులో దోసెడు నాణేలు. కొన్ని వెండివి, ఎక్కువ రాగివి. భూమిలో దొరికింది సర్కారుకు చెప్పాలని ఆయనకు తెలుసు. చెప్పకపోతే జైలని కూడా తెలుసు. అందుకని రెండు రోజులు కూర్చుని రాగివాటిని చింతపండుతో, వెండివాటిని బూడిదతో తోమి, అద్దంలా చేసి, ఉతికిన గుడ్డలో మూటగట్టుకుని తాలూకా కచేరీకి తీసుకెళ్లాడు. ఇంత శ్రద్ధగా తన మెడకు తానే ఉరి బిగించుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తహసీల్దారు మూట విప్పి చూశాడు. నిన్న చేసినట్టు మెరుస్తున్న నాణేలు. ఒకటి గుండ్రం, ఒకటి కోడిగుడ్డు, ఒకటి మూల నరికిన పలక. వాటిమీద తురక అక్షరాలు సగం సగం. తెచ్చినవాడు కళాయి పనివాడు. ఇంట్లో వెతికిస్తే రాగిముక్కలు, తగరం, కరిగించే మూస, బొగ్గులు. కృష్ణ దాటితే నైజాం. అక్కడ చెల్లేది హాలీ సిక్కా, దాని మీదా ఇవే అక్షరాలు. ఇంకేముంది, నదికి అవతల మార్చడానికి దొంగ నాణేలు పోస్తున్నాడనీ, అవి సరిగా రాకపోయేసరికి భూమిలో దొరికాయని కథ అల్లాడనీ ఆయన తేల్చేశాడు. కాగితం పోలీసులకు వెళ్లిందంటే ఏళ్ల తరబడి జైలే. నాన్న వెళ్లి బతిమాలితే, సోమవారం దాకా రాయనని మాత్రం ఒప్పుకున్నాడు.

నేను బాబాయ్ ఇంటికి వెళ్లి ముందు నాలుగు చీవాట్లు పెట్టాను.

"ఎందుకు తోమావ్ బాబాయ్? ఎవరు తోమమన్నారు?"

"సర్కారుకిచ్చేది మురికిగా ఇస్తే ఏం బాగుంటది చిన్నమ్మా? మన చేతిపనికి మాటొస్తది గదా."

తోమనిది ఒక్కటన్నా మిగిలిందా అని అడిగాను. నేల చూపులు చూస్తూ లేదన్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మర్నాడు నాన్న వెంట కచేరీకి వెళ్లాను. ఆడపిల్ల కచేరీ మెట్లెక్కిందని గుమాస్తాలు కలాలు ఆపి చూశారు. తహసీల్దారు చెడ్డవాడేమీ కాదు, తొందరపాటు మనిషి. చదువుకున్న అమ్మాయి ఏదో చెబుతుందట, విందాం అన్నట్టు కుర్చీ చూపించాడు.

కంసాలి దగ్గర త్రాసూ, గురివింద గింజలూ అరువు తెచ్చాను. మన రూపాయి సరిగ్గా తులం. దాన్ని ఒక తట్టలో వేసి, రెండో తట్టలో వెండి నాణెం వేస్తే నాణెమే తేలింది. దాని పక్కన అయిదారు గురివిందలు వేస్తేగానీ ముల్లు నిలవలేదు. మరొకటి వేశాను, మళ్లీ అంతే. ఆకారాలు ఎన్ని వంకర్లు తిరిగినా వెండివన్నీ దాదాపు ఒకే బరువు. రాగివాటికి మాత్రం ఒకదానికొకటి పొంతన లేదు. టంకశాలలో వెండిని గింజెత్తు తేడా రాకుండా తూచి, ఎక్కువైతే అంచు కత్తిరించేవాళ్లనీ, రాగిని అంత పట్టించుకునేవాళ్లు కాదనీ, ఆ వంకరే నిజాయితీకి గుర్తనీ గొప్పగా వాదించాను.

ఆయన సొరుగు లాగి హాలీ రూపాయి ఒకటి తీసి త్రాసులో వేశాడు. అదీ మన రూపాయి కన్నా తక్కువే. నా నాణేలకూ దానికీ తేడా ఒకటి రెండు గురివిందలు.

"హాలీ తూకానికి పోశాడమ్మా మీ సాయిబు. ఆ గింజ తేడా వాడి కక్కుర్తి" అన్నాడు.

నాన్న దగ్గాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ నోరు మూసుకునే అలవాటు నాకు లేదు. పోసింది కాదు కొట్టింది అన్నాను. భూతద్దం పెట్టి చూపించాను. అచ్చులో పోసిన నాణేలయితే అన్నీ ఒకే అంచుతో రావాలి, అక్షరాలు మొద్దుగా, ఒళ్లంతా సన్నటి గుంటలతో ఉండాలి. ఇక్కడ ఏ రెండింటి అంచూ కలవదు. సుత్తిదెబ్బకు అంచులు చీలాయి. ఒకదాని మీద దెబ్బ జారి, మళ్లీ కొట్టడంతో అదే అక్షరం రెండుసార్లు నీడలా పడింది. అక్షరాలు చెక్కిన ఉక్కు అచ్చు బిళ్ల కన్నా పెద్దది కాబట్టే ప్రతిదాని మీదా సగం రాతే పడింది. అచ్చు చెక్కాలంటే ఆ పని తెలిసిన చెయ్యి కావాలి, మరి ఆ అచ్చులేవి, ఇల్లంతా వెతికించారు కదా అన్నాను.

"ఏ బావిలోనో పడేసి ఉంటాడు. తోమితే మట్టి పోతుందిగానీ ముసలితనం పోతుందా అమ్మా? వీటికి ముసలితనం ఏదీ?" అన్నాడాయన.

అక్షరాలయినా తీసుకెళ్తానని అడిగి, నాణేల మీద పల్చటి కాగితాలు పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చులు తీసుకున్నాను.

ఆ కాగితాలను బాబాయ్ వాళ్లమ్మ ముందు పరిచాను. ఆవిడ ఖురాను చదువుతుంది. నాకు అరబ్బీ అక్షరం రాదు, ఆవిడకు పాత రాజుల సంగతి తెలియదు. చుక్కల్లేవు, గీతల్లేవు, ఇదేం రాతని విసుక్కుంటూనే కూడబలుక్కుంది. వెండి నాణేల అంచున ఉన్న రాత ఒకదాని మీద మొదలు, ఇంకోదాని మీద నడుమ, మరోదాని మీద చివర. కత్తిరించి వరసలో అతికించాను. చినిగిన చీర అంచు కలిసినట్టు కలిసింది.

"అహ్... సన్... ఆబాద్. ఏ ఊరే ఇది? మన చుట్టుపక్కల లేదే" అంది.

నేను ఎగిరి గంతేశాను. అహసనాబాదంటే గుల్బర్గాకు బహమనీ సుల్తానులు పెట్టుకున్న పేరు. నైజాం పుట్టక ముందటి మాట. పక్కనే సంవత్సరం. గుడిసె కప్పులాంటి గుర్తు మీద వేలు పెట్టి, ఇది ఎనిమిది అంది మామ్మ. మొత్తం మూడే అంకెలు. హిజ్రీ ఎనిమిది వందల చిల్లర. అప్పటికి హిజ్రీ పదమూడు వందల అరవై దాటింది, అంటే ఇవి అయిదు వందల ఏళ్లకు పైబడినవి.

ఇంత తేలినా నాకు కుదురు లేదు. పాత నాణేన్ని చూసి కొత్తగా చెక్కాడంటే? తహసీల్దారు అడిగిన ముసలితనం ఎక్కడి నుంచి తేను? ఆ మాటే పైకి అన్నాను.

మామ్మ కొడుకు వైపు తిరిగింది.

"ఏందిరా, ఆ గడ్డ సంగతి చెప్పలేదా?"

బాబాయ్ మొహం వాడిపోయింది. "అది చూపిచ్చేది గాదులేమ్మా."

"చూపించు" అన్నాను.

తిత్తి వెనకాల గోనె కింద నుంచి తీశాడు. కుండ అడుగు పెంకు, దానికి అంటుకుని నాణేల ముద్ద. రాగి చిలుము పట్టి పచ్చగా, రాయిలా గట్టిగా ఉంది. గడ్డివేళ్లు నాణేల మధ్యగా దూరి ఎండిపోయి ఉన్నాయి. చింతపండులో మూడుసార్లు నానేసినా వదల్లేదట. ఇంత మురికి ముద్దను కచేరీలో పెడితే ఊరంతా నవ్వుతుందని, అది వదలడం చేతకాలేదంటే తన పనికే అవమానమని దాచేశాడట. ఆ మాట చెబుతూ సిగ్గుతో కుంచించుకుపోయాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

సోమవారం పొద్దున్నే ఆ ముద్దను బాబాయ్ చేతే మోయించి కచేరీకి తీసుకెళ్లాను. తహసీల్దారు ముందు నేను అతికించిన కాగితం చూసి, తలకిందులుగా పట్టుకుని, ఇది ఎనిమిది కాదు ఏడు, నాకూ ఈ అంకెలు వచ్చు అన్నాడు.

"ఏడయితే ఇంకో నూరేళ్లు పాతదవుతుందండీ. నాకేం అభ్యంతరం లేదు" అన్నాను. కాగితం సరిగా తిప్పుకున్నాడు.

తర్వాత ముద్దను బల్ల మీద పెట్టాం. పక్కనుంచి వెండి నాణెం ఒకటి సగం బయటికి ఉంది. భూతద్దంలో దాని అక్షరం మీదుగా వెంట్రుక లాంటి గీత ఒకటి ఉబ్బెత్తుగా కనిపించింది. అచ్చు బీటలిస్తే ఆ బీటలోకి వెండి దూరి అలా గీత లేస్తుంది. తోమిన మూటలోంచి ఒక నాణెం ఏరి దాని పక్కన పెట్టాను. అదే అక్షరం, అదే చోట, అదే గీత. రెండూ ఒక్క అచ్చు కింద పుట్టినవే. మెరిసేది నిన్నటిదయితే, వేళ్లు పాకి రాయిగా మారిన ఈ ముద్దలోనిదీ నిన్నటిదే కావాలి.

ఆయన భూతద్దం మార్చి మార్చి పట్టుకున్నాడు. గోటితో ఒక వేరును గీకబోతే వద్దన్నాను. చివరికి బాబాయ్‌ని చూసి అడిగాడు.

"దీన్నెందుకు తీసుకురాలేదయ్యా మొదట?"

"వదల్లేదు దొరా" అన్నాడు బాబాయ్, తల వంచుకుని.

తహసీల్దారు నవ్వాడు. క్షమాపణ చెప్పలేదు. అధికారుల నోట ఆ మాట వింటానని నేనూ ఆశించలేదు. గుమాస్తాను పిలిచి, పోలీసులకని సిద్ధం చేసిన కాగితం చింపించి, పాతర దొరికిందని కలెక్టరుకు రాయమన్నాడు. నాణేలు మద్రాసు మ్యూజియానికి వెళ్లాల్సినవని, ముద్దను ఉన్నదున్నట్టు పంపాలని నేనే దగ్గరుండి రాయించాను. గుమాస్తా ఎంత విసుక్కున్నా వినలేదు. మెట్లు దిగుతుంటే నాన్న, నీ నోటికి ఇన్నాళ్లకు ఒక దారి దొరికిందే అన్నాడు. మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రమే వీధి చివర తిత్తి చప్పుడు మళ్లీ మొదలైంది. గోడ కూడా లేచింది. కొన్నాళ్లకు మా అమ్మ నీళ్ల బిందె కళాయికి పంపితే, బాబాయ్ దాన్ని భుజాన పెట్టుకుని తిరిగి మా గుమ్మంలోకే వచ్చాడు.

"దీన్ని తోమొచ్చా చిన్నమ్మా?"

"పోయిన ఏడు నరసరావుపేటలో కొన్నాం బాబాయ్. తోము."

ఆయనకు నమ్మకం కుదరలేదు. బిందెను ఎండలో తిప్పి అడుగు చూశాడు, అంచు చూశాడు, మూతి దగ్గర మా అమ్మ కొట్టించుకున్న అక్షరాల మీద వేలు పెట్టి తడిమాడు. ఆ తర్వాతే తీసుకెళ్లాడు.