ఎనిమిదో వంతు గ్రెయిన్

1894 వేసవిలో రాజమండ్రి మిషన్ బడి పంతులు జీవరాజుకి ఒక కాగితం తర్జుమా చేసే పని పడింది.

లోరెంట్సెన్ దొరగారు జర్మనీ నుంచి వచ్చిన పాదిరీ. జీవరాజు ఆయనకు తెలుగు నేర్పి, ఆయన దగ్గర జర్మను నేర్చుకున్నాడు. ఆ ఏడు దొరగారికి కాలేయంలో చీముగడ్డ లేచింది. ఆస్పత్రిలో కోసి, చీము కారడానికి రబ్బరు గొట్టం పెట్టారు. నెలన్నర తర్వాత స్వదేశానికి పంపెయ్యమని ఇంగ్లీషులో డిశ్చార్జి కాగితం ఇచ్చారు. కొలంబోలో ఎక్కబోయేది జర్మను ఓడ. దాని డాక్టరుకి ఆ కాగితం జర్మనులో కావాలి. దొరగారు జ్వరంలో ఉన్నారు, దొరసానికి ఇంగ్లీషు రాదు.

జీవరాజు భార్య సంపూర్ణమ్మ అదే ఆస్పత్రిలో పోయి పద్దెనిమిది రోజులైంది. ఆయన బడికి వస్తున్నాడు, ఎవరైనా పెడితే తింటున్నాడు. ఏడుపు మాత్రం రాలేదు.

కాగితం మీద నయమైంది, మెరుగైంది, చనిపోయారు అని మూడు మాటలు అచ్చువేసి ఉన్నాయి. మొదటిదీ చివరిదీ కొట్టేశారు. చివరి మాట దగ్గర ఆయన చూపు కాసేపు ఆగింది. లోపల ఏమీ కదల్లేదు. మెరుగైంది అనడానికి “గెబెస్సెర్ట్” అని రాశాడు.

పక్కనే కూర్చున్న దొరసాని అది చూసింది.

“గెహైల్ట్ అని రాయండి పంతులుగారూ. నయమైందని.”

“అలా రాస్తే ఓడ డాక్టరుగారు కట్టు విప్పి గొట్టం చూడరండి.”

ఆమె సిరాబుడ్డి ఆయన దగ్గరికి జరిపింది.

తర్వాత నొప్పి మందు. మార్ఫియా, “జి.ఆర్.” ఎనిమిదో వంతు, “పి.ఆర్.ఎన్.” ఆ చివరి మూడక్షరాలు లాటిను మాటలకు గుర్తు, అవసరమైనప్పుడు మాత్రమే అని అర్థం. దాన్ని జర్మనులోకి మార్చి, జి.ఆర్.ని ఉన్నదున్నట్టు దింపేశాడు. సిరా ఆరుతుండగా మిషన్ మందుల పెట్టె గుర్తొచ్చింది. జర్మనీ నుంచి వచ్చిన ఆ సీసాలన్నిటి మీదా గ్రాములే ఉంటాయి, జి.ఆర్. చూస్తే ఓడ డాక్టరూ గ్రాములనే అనుకోవచ్చు.

కాగితం తీసుకుని ఆస్పత్రి కాంపౌండరు పల్లంరాజు దగ్గరికి నడిచాడు. జి.ఆర్. అంటే గ్రాములా అని అడిగాడు.

“కాదండి, గ్రెయిన్లు. గ్రాముకి పదిహేనున్నర దాకా గ్రెయిన్లు పడతాయి. ఎనిమిదో వంతు గ్రాము ఇస్తే మనిషి లేవడండి.”

ఇద్దరూ పలక మీద లెక్క వేశారు. రెండుసార్లు వేసినా గ్రాములో వెయ్యో వంతులు ఎనిమిదే వచ్చాయి. జీవరాజు కొత్త కాగితం మీద మొదటి నుంచీ మళ్ళీ రాశాడు. జర్మను పద్ధతిలో చుక్క బదులు కామా పెట్టి 0,008 గ్రాము అని వేశాడు. కింద ఇంగ్లీషు మూలం కూడా ఉన్నదున్నట్టు ఎక్కించాడు.

కార్తీకంలో దొరసాని ఉత్తరం వచ్చింది. దొరగారు ఇల్లు చేరారు, ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నారు. ఓడ డాక్టరు ఆ కాగితం చూసి, ఇంత తేటగా రాసిందెవరని అడిగాడట. బడిలో తోటి పంతుళ్ళు చుట్టూ చేరి జీవరాజుని మెచ్చుకున్నారు.

“మంచిదండి,” అని ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంపూర్ణమ్మ కోసం ఏడుపు అప్పటికీ రాలేదు. మూడో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పడానికి వెళ్ళిపోయాడు.