క్రీమ్ లేని నాలుగు వంతులు

నా కోడలు గణితంలో ఎమ్మెస్సీ చేసి, బీఎడ్ కూడా ముగించిన మనిషి. బిడ్డ పుట్టిన తరువాత ఉద్యోగం మానుకొని కొన్నేళ్లు ఇంటిపట్టున ఉండిపోయింది. బిడ్డ బడికి వెళ్లే ఈడు వచ్చేసరికి తానూ మళ్లీ బడికి పోవాలని సంకల్పించుకొని దరఖాస్తులు పెట్టింది. రెండు చోట్ల ఇంటర్వ్యూ దాకా వెళ్లి, మధ్యలో వచ్చిన విరామాన్ని వారు సాకుగా చూపితే తిరిగి వచ్చింది. మూడవ పిలుపు విరుదునగరంలోని ఒక ప్రైవేటు పాఠశాల నుండి వచ్చింది. ఇదీ తప్పిపోతే ఇక ఇంట్లో ట్యూషన్లు చెప్పుకొని తృప్తిపడతానని ఆమె మాతో నిశ్చయంగా చెప్పింది. అందువల్ల ఆ పిలుపు మా ఇంటిల్లిపాదికీ ముఖ్యమైపోయింది.

ఆ పాఠశాలవారి పద్ధతి ఏమంటే, అభ్యర్థిని ప్రశ్నలడగక, ఏడవ తరగతి పిల్లల ముందు నిలబెట్టి ఒక పాఠం చెప్పించుకుంటారు. విషయాన్ని ముందే పంపుతారు. ఆమెకు వచ్చిన విషయం ఇది: గుండ్రని కేకును మూడే కోతలతో ఎనిమిది సమభాగాలు చేయుట.

నేను కోవిల్పట్టిలో ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఛందస్సులో గణాలు విభజించడం తప్ప మరే విభజనతోనూ నాకు పరిచయం లేదు. అయినా ఆమె పాఠానికి అభ్యాసం చేసే సాయంత్రం నన్నే మొదటి శిష్యుణ్ణి చేసింది. కాగితం మీద వృత్తం గీసి మూడు గీతలు గీయమన్నది. కేంద్రం గుండా మూడూ గీశాను. ఆరు భాగాలు వచ్చాయి.

"ఇంకొకటి రావాల మామా. గీతలు మూడూ ఒకే చోట కలవకుండా గియ్యండి."

అట్లే గీశాను. మధ్యలో చిన్న త్రికోణం ఏర్పడి ఏడు భాగాలయ్యాయి. కాని ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఇంతే. కాగితం మీద ఏడుకి మించదు. మూడో గీత ముందున్న రెండు గీతల్నీ ఒక్కొక్కసారే దాటుతాది. అంటే మూడు భాగాల గుండానే పోతాది. రెండు గీతలకొచ్చిన నాలుగుకి మూడు కలిస్తే ఏడు."

"అయితే ఎనిమిది ఎట్లా వస్తాయి?"

"కేకుకి ఎత్తు ఉండాది కదా మామా. మీరు పైనించే చూస్తా ఉన్నారు."

కేకును పక్కనుండి, సగం ఎత్తున, అడ్డంగా ఒక కోత కోయాలి. అప్పుడు రెండు బిళ్లలవుతాయి. వాటిని ఒకదానిపై ఒకటి ఉంచినట్లే ఉంచి, పైనుండి నిలువుగా రెండు కోతలు, కేంద్రం వద్ద లంబంగా ఖండించుకొనేటట్లు కోస్తే పైన నాలుగు, కింద నాలుగు. ఇదే ఆ ప్రశ్నకు జవాబు. సులువైన సంగతే, కాని బల్ల మీద వస్తువును పైనుండి చూసే అలవాటు మనల్ని విడవదు.

బస్టాండు దగ్గరి బేకరీ నుండి తెచ్చిన రెండు సాదా కేకుల్లో ఒకదాని మీద ఆమె చేసి చూసింది. కత్తితో అడ్డకోత వంకరగా పోయి ఒక వైపు మందంగా, ఒక వైపు పలుచగా వచ్చింది. నా భార్య పుట్టింటివారు మగ్గం నేసేవారు. ఆమె ఆ వంకరకోతను చూసి నవ్వి లోపలికి పోయి ఒక బారెడు గట్టి నూలు తెచ్చింది.

"కత్తికి యాడ తెలుస్తాది అమ్మాయీ, నడుం యాడుండాదో? ఇట్లా చుట్టూ తిప్పి, కొసలు రెండూ దాటించి లాగు."

మిగిలిన ఇంకొక కేకు నడుమున కోడలు నూలు చుట్టి, ఎత్తు నాలుగు పక్కలా సరిచూసి, కొసలను ఎదురెదురుగా లాగింది. నూలు బిగుసుకొంటూ లోనికి పోయి కేకు సమంగా తెగింది. ఆ నూలును మడిచి తన సంచిలో పెట్టుకుంది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. తినేది ఏదైనా సరే, కోసినవారు తమ వంతు చివర తీసుకోవాలి. ముందు తక్కినవారు తమకు నచ్చిన ముక్క ఏరుకుంటారు. ఈ ఆచారం ఎక్కడిదో నాకు తెలియదు. కాని దానివల్ల మా ఇంట మామిడిపండు కోసే చేయి ఎప్పుడూ జాగ్రత్తగా ఉంటుంది. ఆ రోజున కూడా మేము ఏరుకొని, ఆమె చివర తీసుకుంది. సాదా కేకు గనుక పై ముక్కకూ కింది ముక్కకూ భేదమేమీ ఎవరికీ కనబడలేదు.

పాఠం నాడు నా కుమారుడికి తూత్తుకుడిలో పని తప్పలేదు. నేనే తోడు వెళ్లాను. విరుదునగరంలో దిగి బడికి పోయే దారిలోనే కేకు కొన్నాము. ఆ దుకాణంలో గుండ్రని కేకులన్నిటికీ పైన తెల్లని క్రీమ్ పూసి ఉంది. సాదాది దొరకలేదు. చూపుకు బాగుంటుందని ఆమె సంతోషించింది కూడా.

పాఠశాల కరెస్పాండెంటు గారు, అంటే బడిని నడిపే యజమాని, నా వయసు చూసి నన్ను తరగతి వెనుక బల్లపై కూర్చోనిచ్చారు. తానూ ప్రధానోపాధ్యాయురాలూ పక్కన కూర్చున్నారు. పాఠం అరవంలో సాగింది. నేను తెలుగులో రాస్తున్నాను.

ఆమె వృత్తం గీయించింది, ఆరు రప్పించింది, ఏడు రప్పించింది, పక్కనుండి చూడమన్నది. నూలు లాగినప్పుడు పిల్లలు లేచి నిలబడ్డారు. తరువాత కత్తితో రెండు కోతలు. ఎనిమిది. కరెస్పాండెంటు గారు చేతిలోని కాగితం చూసి తల ఊపారు. పాఠం అక్కడే ముగిసి ఉంటే ఏ చిక్కూ లేదు.

కాని ఆమె ఇంటి అలవాటు చొప్పున, "ఏడుగురు రండి. మీకు నచ్చింది మీరు తీసుకోండి. కోసింది నేను గనుక మిగిలింది నాది" అన్నది.

మొదట వచ్చిన నలుగురూ పైనున్న నాలుగు ముక్కలూ తీసుకొని పోయారు. అయిదవదిగా వచ్చిన అమ్మాయి చేయి చాచి, మళ్లీ వెనక్కు తీసుకుంది.

"ఏమ్మా, తీసుకో."

"ఇది సమం కాదు మిస్. వాళ్లకి క్రీమ్ వచ్చింది. మాకు ఉత్త రొట్టె."

ఆమె వెనుకనున్న ఇద్దరూ అదే అన్నారు. ముక్క చేతబట్టిన ఒక కుర్రవాడు, "తిండిపోతుకి లెక్క బాగా వస్తుంది" అని ఎగతాళి చేశాడు. తరగతి గొల్లుమన్నది.

కరెస్పాండెంటు గారు వెనుకనుండే అన్నారు. "ఘనపరిమాణం ఒకటే కదా. సమమే. ముగించండి టీచర్."

ఆమె ముఖం నాకు కనబడుతూనే ఉంది. ముగించమన్నవాడు ఉద్యోగమిచ్చేవాడు. ఎదుట ఉన్నది ఏడవ తరగతి పిల్ల. ఆమె సుద్దముక్క అందుకుంది. తరువాత బోర్డు వైపు తిరిగి, 'మూడు కోతలు, ఎనిమిది భాగాలు' అన్న మాటల కింద, 'క్రీమ్ కూడా సమం' అని రాసింది.

"ఈ అమ్మాయి అడిగింది న్యాయమే సార్. పరిమాణం సమం, పంపకం సమం కాలేదు. నాకు ఇంకా కొంచెం సమయం ఉంది." పిల్లలను చూసి, "నాకు కూడా జవాబు తెలియదు. వెతుకుదాం" అన్నది.

ఆమె మాటలో నటన లేదు. నిజంగానే ఆమెకు తెలియదు. ఇంట్లో ఈ ప్రశ్న రానేలేదు.

కేకు కోయడం అయిపోయింది గనుక, సంచిలోనుంచి గుండ్రని అట్టముక్క తీసి, కత్తెరతో రెండు కోతలు కోసి నాలుగు పాతికలు చేసింది. ఒక కోత మిగిలింది. ఇందాక ఎగతాళి చేసిన కుర్రవాడే ముందుకు వచ్చి నాలుగింటినీ ఒకదానిపై ఒకటి పేర్చి, నడిమికి ఒకే కోత కోయమన్నాడు.

"లెక్కకి సరిపోతుంది. అన్నిటికీ పై భాగం ఉంటుంది" అని ఆమె ఒప్పుకొని, "అయితే క్రీమ్ ఏమౌతుంది?" అని అడిగింది.

"నలిగిపోతుంది" అన్నారు అందరూ.

అప్పుడు ఆ అమ్మాయి పాతికలను బల్ల మీద వరుసగా పేర్చసాగింది. ఒకదాని మొన వెళ్లి ముందున్నదాని వంపు నడిమిని తాకేటట్లు, నాలుగూ ఒకే వైపు చూసేటట్లు ఉంచింది. ఒకటి కొంచెం వంకరగా ఉంటే సర్దింది. ఆ పిల్ల ఏం చేస్తున్నదో అందరికంటే ముందు కోడలికి అర్థమైంది. సంచిలోని నూలు తీసి ఒక కొస ఆ పిల్లకిచ్చి, ఇంకొక కొస తాను పట్టుకొని, నాలుగింటి నడిమినుండి బిగువుగా నిలిపింది.

నూలు ప్రతి పాతికనూ మొన మొదలు వంపు నడిమి దాకా రెండు సమాన చీలికలుగా చూపింది. ఒకే సరళరేఖ, ఒకే కోత. ఎనిమిది ముక్కలకూ పైభాగం సమంగా ఉంది. ఏడుకి మించదన్న కాగితం వంటి అట్ట మీదనే, ముక్కలను కదిపినందువల్ల ఎనిమిది వచ్చాయి.

"ముక్కలను కదపవచ్చునా?" కరెస్పాండెంటు గారు లేచి వచ్చారు.

"కదపరాదని ప్రశ్నలో లేదు సార్."

"మా జవాబుల కాగితంలో ఒకటే జవాబు ఉంది. పరీక్షలో పిల్ల ఇది రాస్తే మార్కు వేస్తారా?"

"వేస్తాను సార్."

"కాగితంలో లేకపోయినా?"

"కోసి చూపితే ఎనిమిది వస్తున్నాయి సార్. ఎట్లా వేయకుండా ఉండేది?"

ఆయన తిరిగి తన చోట కూర్చున్నారు. ప్రధానోపాధ్యాయురాలు గడియారం చూసి పిల్లలను కూర్చోమన్నది. క్రీమ్ లేని ముక్కల్లో మూడు ఎట్లాగో పిల్లలకు చేరాయి. నాలుగవది కోడలు తిన్నది.

తిరుగు బస్సు సాత్తూరు దాటింది. అప్పుడు ఆమె, "సరి అని ముగించుంటే సరిపోయిండేది మామా. నేనే చెడగొట్టుకొన్న్యా" అన్నది.

"ఆ పిల్లకు ఏమని జవాబు చెప్పి ముగించి ఉండేదానివి?"

"అదే తెలియలా. అందుకే నిలబడిపోతి."

"తెలియదని పిల్లల ముందు ఒప్పుకున్నావు. నా ఉద్యోగకాలంలో నేను చూసిన పంతుళ్లలో అది చేసినవాళ్లు తక్కువ."

"మెచ్చుకొంటే ఉద్యోగం వస్తాదా మామా? మీరిచ్చేది కాదే" అన్నది, కొంచెం నవ్వి.

వారం తిరగకముందే ప్రధానోపాధ్యాయురాలు ఫోను చేసింది. తొమ్మిది, పది తరగతులకు వేరొకరిని తీసుకున్నారట. జవాబుల కాగితాన్ని దాటే ఉపాధ్యాయురాలు పబ్లిక్ పరీక్ష తరగతులకు తగదని కరెస్పాండెంటు గారి అభిప్రాయమట. ఆరు, ఏడు తరగతులకు మాత్రం ఆమెయే కావాలని ఆయనే అన్నారట. ఆమె కోరినది పదవ తరగతి. ఫోను చెవిన ఉంచుకొనే నా వైపు చూసింది. నేను ఏ సైగా చేయలేదు.

"వస్తాను మేడమ్" అన్నది. "ఏడో తరగతికి వారానికి ఎన్ని పీరియడ్లు ఇస్తారు?"