భాగీరథమ్మ పాలసీలో తమ్ముడి పేరు

భాగీరథమ్మ ఇరవై నాలుగేళ్లుగా బొమ్మనహళ్లి దగ్గర ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతూ ఉంది. ఆమె సొంతూరు హొసకోటె, అక్కడికి రెండు బస్సులు ఎక్కాలి. తండ్రి పోయినప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్లు, తమ్ముడు మునీంద్రకు పది. తల్లి మూత్రపిండాల జబ్బుతో మంచం పట్టింది. ఆ ఇంటిని నిలబెట్టింది భాగీరథమ్మ కుట్టు మిషనే. తమ్ముణ్ణి ఐటీఐ చదివించింది. తల్లిని చివరిదాకా చూసుకుంది. తనకు వచ్చిన సంబంధాలు ఒక్కొక్కటీ ఏదో ఒక కారణంతో వెనక్కి పోతుంటే, కొన్నాళ్లకు వాటి గురించి ఆలోచించడం మానేసింది.

ముప్పయ్యేళ్లప్పుడు ఒక జీవిత బీమా పాలసీ తీసుకుంది. ఏజెంటు అశ్వత్థప్ప హొసకోటెలో వాళ్ల వీధివాడే. ఫారం నింపుతూ నామినీ ఎవరమ్మా అని అడిగితే, ఇంకెవరున్నారన్నా అంది. నామినీ గడిలో మునీంద్ర పేరు, బంధుత్వం దగ్గర తమ్ముడు అని పడింది. పాలసీ కాగితం, అదే బాండు, వచ్చాక ఇంట్లో బీరువాలో పెట్టింది. మునీంద్రకు పెళ్లయ్యాక ఆ రెండు గదుల ఇల్లు ఇరుకైంది. ఆమె ఫ్యాక్టరీ వ్యాను తిరిగే దారిలో ఒక గది అద్దెకు తీసుకుని వచ్చేసింది. బాండు మాత్రం బీరువాలోనే ఉండిపోయింది.

నలభై మూడో ఏట ఆమె పెళ్లి చేసుకుంది. రాజగోపాల్ ఫ్యాక్టరీ వ్యాను డ్రైవరు, కుప్పం వైపు మనిషి. భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. ఏడాది పాటు రోజూ వ్యాను ముందు సీట్లో కూర్చుని వెళ్లిన పరిచయం అది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, గుడికి వెళ్లి, హోటల్లో నలుగురికి భోజనం పెట్టారు. మునీంద్ర భార్యతో కలిసి వచ్చాడు. తిన్నాడు. చెయ్యి కడుక్కుని, పని ఉందని వెళ్లిపోయాడు. ఈ వయసులో అక్కకు ఇదేం బుద్ధి అని అతను వీధిలో అన్నట్టు ఆమెకు తర్వాత తెలిసింది. పట్టించుకోలేదు.

పెళ్లయిన నాలుగు నెలలకు ఫ్యాక్టరీ ఆఫీసు ఆమెను పిలిచింది. పెళ్లయితే పీఎఫ్‌లో పాత నామినేషన్ చెల్లదని, భర్త పేరుతో కొత్తది ఇవ్వాలని చెప్పారు. ఆమె ఇచ్చింది. అప్పుడే పాలసీ గుర్తొచ్చి అశ్వత్థప్పకు ఫోన్ చేసింది. అదీ ఇలాగే దానంతటదే రద్దయిపోతుందా అని అడిగింది.

"లేదమ్మా. అది వేరే, ఇది వేరే. నువ్వు రాసిచ్చేదాకా పాలసీలో పాత పేరే ఉంటాది. పెళ్లైందా లేదా అని కంపెనీకి ఎట్ల తెలుస్తాది?" అన్నాడు అశ్వత్థప్ప.

ఏమేం కావాలో కూడా చెప్పాడు: నామినీ మార్పు నోటీసు ఫారం, అసలు బాండు, ఆమె ఆధార్ నకలు, భర్త ఆధార్ నకలు, ఆయన బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ. ఆమె పేరు మార్చుకోలేదు గనక పెళ్లి సర్టిఫికెట్ అవసరం పడదన్నాడు. పాత నామినీ ఒప్పుకోవాలా అని ఆమె అడిగింది. అక్కర్లేదు, పాలసీ నీది, సంతకం నీది అన్నాడు.

రాజగోపాల్ వద్దన్నాడు. పెంచిన తమ్ముడి పేరు ఉంటే ఉండనీ, నాకు ఎందుకని అన్నాడు. ఆమె వినలేదు. ఎప్పుడో తను పోతే వచ్చే డబ్బు గురించి ఆమె ఆలోచించనే లేదు. తనకు ఏదన్నా అయితే ముందుగా పరుగెత్తుకొచ్చేది ఈ మనిషే అని తెలుసు. ఆ మాట ఒక కాగితం మీద ఉండాలనిపించింది. అంతే.

తమ్ముడికి ఫోన్ చేసి బాండు అడిగింది. ఎందుకని అతను అడిగాడు. ఆమె దాచకుండా చెప్పింది. వెతుకుతానన్నాడు. మూడు వారాలైనా వెతుకుతూనే ఉన్నాడు. నాలుగో వారం, ఇంటికి సున్నం వేయించినప్పుడు ఎక్కడో పోయిందక్కా అన్నాడు. ఆమె అది నమ్మలేదు. పోయిన ఉగాదికి వెళ్లినప్పుడు మునీంద్ర భార్య ఆశ చీర తీస్తుంటే, బీరువా కింది అరలో ఆ బాండు కవరును భాగీరథమ్మ కళ్లారా చూసింది. సున్నం వేయించింది అంతకు ముందే.

అయినా ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, అశ్వత్థప్పను వెంటబెట్టుకుని బీమా కంపెనీ బ్రాంచికి వెళ్లింది. కౌంటరులో నళిని అనే ఆవిడ ఉంది. బాండు పోతే ముందు నకలు బాండుకు దరఖాస్తు చేయాలని, అది వచ్చాక దాని మీద నామినీ మార్పు నమోదు చేస్తామని చెప్పింది. స్టాంపు పేపరు మీద రాసివ్వాల్సిన పూచీ పత్రం నమూనా ఇచ్చింది. అశ్వత్థప్ప దాన్ని చదివి తెలుగులో చెప్పాడు. బాండు నిజంగా పోయిందనీ, ఎంత వెతికినా దొరకలేదనీ, ఎవరి దగ్గరా తాకట్టులో లేదనీ, ఇందులో అబద్ధం ఉంటే బాధ్యత తనదేననీ అందులో ఉంది.

భాగీరథమ్మ ఆ కాగితం మడిచి వెనక్కి ఇచ్చేసింది.

"అది పోలేదు మేడమ్. ఏడుండాదో నాకి తెలుసు."

అయితే తెచ్చుకోండమ్మా, అది తెస్తే పని తేలిక అంది నళిని.

ఆ సాయంత్రమే ఆమె హొసకోటె వెళ్లింది. మునీంద్ర అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆశ వదినకు కుర్చీ వేసి, కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. భాగీరథమ్మ కూర్చోలేదు. బీరువా వైపు చూసి, కింది అరలో ఉండాది మునీ, ఇయ్యి అంది.

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. పోయిందని మళ్లీ అనలేదు.

"నేనేం తక్కువ చేసినానక్కా నీకి? నా పేరు కొట్టేసేంత తప్పు ఏం చేసినాను?"

"తప్పేం లేదప్పా. ఇద్దరి పేర్లూ రాయొచ్చంట. ఎవురికెంత అనేది కూడా రాయొచ్చంట. నీది తీయను, ఆయనది చేరుస్తాను."

"సగం తమ్ముణ్ణా నేను?"

మునీంద్ర బీరువా తెరిచి కవరు బయటికి తీశాడు. దానితో పాటు ఇంకో కవరు కూడా తీసి, అందులోని బాండు విప్పి ఆమె ముందు పెట్టాడు. అది అతని సొంత పాలసీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో అశ్వత్థప్పే రాయించాడు. నామినీ దగ్గర భాగీరథమ్మ పేరుంది. బంధుత్వం దగ్గర అక్క అని ఉంది.

"నాకి పెళ్లై తొమ్మిదేండ్లయింది. నేను మార్చినానా? ఒక్క దినమన్నా మార్చాలని అనుకోలేదు. నీకి నాలుగు నెలలే చాలినాయి."

వంటింటి గుమ్మంలో ఆశ కాఫీ గ్లాసులతో నిలబడి ఉంది. ఆమె ముఖం చూడగానే భాగీరథమ్మకు అర్థమైంది, ఆ సంగతి ఆశకు ఇప్పటిదాకా తెలియదని. ఇద్దరు ఆడపిల్లల తల్లి. భర్త ఫ్యాక్టరీలో ఇనుప రేకులు నొక్కే ప్రెస్ మిషను మీద పని చేస్తాడు, ఏ రోజు ఏమవుతుందో తెలియని పని. ఆశ గ్లాసులు కిటికీలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

"అది తప్పు మునీ," అంది భాగీరథమ్మ నెమ్మదిగా. "నా మింద ప్రేమతోనే పెట్టినావు, కాదనను. కానీ ఆ పిల్ల గతి ఏందని ఆలోచన చేసినావా? పోయి ఆశ పేరు రాయించు."

"నాకి నువ్వు చెప్పొద్దు." అతను ఆమె బాండును ఆమె చేతిలో పెట్టాడు. "తీసుకో. ఆయన పేరొకటే రాయి. నాకి ముక్క పడేయొద్దు. రేషన్ కార్డులో ఇంకా నీ పేరుండాది, అదీ తీసేయిస్తాను. ఇంక ఈ ఇంటితో నీకేం పని?"

ఆమె బయటికి వచ్చేటప్పుడు ఆశ గుమ్మం దాకా వచ్చింది. వదినా, చీకటి పడతాంది, జాగ్రత్త అని మాత్రం అంది.

మరుసటి శనివారం బ్రాంచిలో భాగీరథమ్మ ఫారం ముందు చాలాసేపు కూర్చుంది. ఒక్క పేరు రాయాలా, రెండు పేర్లా అని అశ్వత్థప్ప రెండుసార్లు అడిగాడు. రెండైతే శాతాలు కూడా రాయాలన్నాడు. ఆమె మనసు రెండనే అంటోంది. కానీ ముక్క పడేయొద్దన్న మాట చెవిలో ఉంది. చివరికి రాజగోపాల్, భర్త, నూరు శాతం అని రాయించింది. సాక్షిగా అశ్వత్థప్ప సంతకం చేశాడు. నళిని పాత దరఖాస్తులోని సంతకంతో సరిపోల్చి చూసి, తేడాగా ఉందంది. పదమూడేళ్ల కిందట భాగీరథమ్మ కన్నడ బడిలో నేర్చిన అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడిగా రాసేది. ఇప్పుడు జీతం కాగితాల మీద పెట్టీ పెట్టీ అవి కలిసిపోయాయి. పాత పద్ధతిలో మళ్లీ చేయమంటే, మూడోసారికి కుదిరింది. నళిని నకళ్ల మీద కూడా సంతకాలు పెట్టించుకుని, అసలు కాగితాలతో పోల్చి చూసి, రసీదు ఇచ్చింది.

రెండు వారాలకు నమోదైనట్టు ఉత్తరం వచ్చింది, వెనక కొత్త పేరు ముద్ర వేసిన బాండుతో సహా. రాజగోపాల్ దాన్ని చదివి, మడిచి, దేవుడి పటం కింద పెట్టాడు. నువ్వు ఇంత పోగొట్టుకుంటావని తెలిస్తే ఆ దినమే కాళ్లు పట్టుకుని ఆపేవాణ్ణి అన్నాడు. ఆమె అన్నం వడ్డించింది.

మునీంద్ర ఫోన్ ఎత్తడం మానేశాడు. రేషన్ కార్డు మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. పేరు తీసేసినట్టు ఆమె ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆశ ఒకసారి, పిల్లలకు జ్వరం తగ్గింది వదినా అని రాసింది. ఆ జ్వరం ఎప్పుడు వచ్చిందో భాగీరథమ్మకు తెలియదు.

ఆషాఢంలో అశ్వత్థప్ప ఫ్యాక్టరీ గేటు దగ్గర కనిపించాడు. మాటల్లో చెప్పాడు, మునీంద్ర బ్రాంచికి వచ్చి తన పాలసీలో నామినీ మార్చుకున్నాడని, ఇప్పుడు ఆశ పేరుందని. ఫారం మీద పాత నామినీ పేరు రాసే చోట చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడట.

"మంచి పని చేసినాడన్నా," అంది భాగీరథమ్మ. ఆ మాట ఆమె నిజంగానే అంది. అలా అన్నాక మధ్యాహ్నం దాకా ఆమె కుట్టిన కాలర్లలో ఆరింటికి వంకర పడింది. సూపర్‌వైజరు వాటిని ఆమె ముందే పక్కన పడేశాడు.

ఆ ఆదివారం తమ్ముడి పిల్లలకు రెండు గౌన్లు కుట్టి సంచిలో పెట్టుకుని, రాజగోపాల్‌కు చెప్పి బయలుదేరింది. సిల్క్ బోర్డు దగ్గర బస్సు ఎక్కి, ఊరి బస్సు కోసం కేఆర్ పురంలో దిగింది. హొసకోటె బస్సు వచ్చింది. కండక్టరు పిలుస్తున్నాడు. ఈ ఇంటితో నీకేం పని అన్న మాట గుర్తొచ్చి ఆమె ఎక్కలేదు. ఇంకొకటి వచ్చింది, అదీ పోయింది. అలా నాలుగు బస్సులు చూసి, రోడ్డు దాటి వెనక్కి వచ్చే బస్సెక్కి, గౌన్ల సంచితోనే గదికి తిరిగి వచ్చేసింది.