నీలం బటన్

చౌటుప్పల్ బస్టాండు ఎదురుగా నా మొబైల్ షాపు. పదకొండేళ్లలో అండాలక్క విసిగించినంతగా నన్నెవరూ విసిగించలేదు.

ఆమెది పక్క సందులో పిండి గిర్ని. మిషను తిరుగుతుంటే ఫోను మోగినా వినపడదు. నల్గొండలో ఉన్న కూతురు స్నేహలతకు తొమ్మిదో నెల. అల్లుడు లారీ మీద తిరుగుతాడు, నొప్పులొస్తే పిల్ల ఫోను చేసేది తల్లికే. అందుకని ఎవరో వాడి వదిలేసిన స్మార్ట్ వాచీ కొనుక్కొచ్చింది. ఫోనొస్తే చేతి మీద వణుకుతుందట. తీరా చూస్తే అది చైనాలో అమ్మే సరుకు. వాచీలోనూ, దాని యాప్‌లోనూ అన్నీ చైనా అక్షరాలే!

ఇంకో ఫోను కెమెరాతో ఒక్కో తెరనూ తర్జుమా చేసుకుంటూ, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి రెండింటినీ కలిపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంతలో గిరాకీ పిలిచింది. "నీలం బటన్ వచ్చినకాడల్లా నొక్కు అక్కా, ముందుకు పోతది" అని ఫోను ఆమె చేతికిచ్చాను.

ఆ తర్వాత ప్రశ్నలు అడిగింది యాప్ కాదు, ఆమె ఫోనే, అదీ శుభ్రంగా తెలుగులో: కాల్స్, కాంటాక్టులు, నోటిఫికేషన్లు ఈ యాప్‌ను చూడనివ్వాలా అని. అన్నిటికీ ఆమె 'వద్దు' కొట్టేసింది. అర్థంకాని తెరలన్నిటికీ సరేనన్న మనిషి, చదవగలిగిన ప్రశ్నలకు మాత్రం వద్దంది!

నాకది తెలియదు. మర్నాడు నొప్పులనిపించి స్నేహలత నాలుగుసార్లు ఫోను చేసింది. వాచీ కదల్లేదు. పాపం ఆ పిల్ల ఒక్కతే ఆటోలో దవాఖానకు పోయి, ఇంకా టైముందంటే ఏడ్చుకుంటూ తిరిగొచ్చిందట.

అండాలక్క వాచీ తెచ్చి నా బల్ల మీద కొట్టింది. "దీని మొఖం మండ! ఉలుకదు, పలుకదు."

సెట్టింగులు చూశాను. "అన్నిటికి వద్దంటె ఎట్ల వణుకుతదే?"

"మహిళా సంఘం మీటింగుల బ్యాంకు సారు చెప్పిండు, తెల్వని యాపులకు అనుమతి ఇయ్యద్దని. మరి నువ్వన్న చెప్పినవా నాగరాణీ?"

చెప్పలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది. కాల్స్, కాంటాక్టులకు అనుమతిచ్చాను. నోటిఫికేషన్లు వదిలేశాను. అవి ఇస్తే మెసేజీలూ వాచీ మీదికొస్తాయి గానీ, బ్యాంకు ఓటీపీ కూడా ఆ యాప్ కంటపడుతుంది. నా ఫోను నుంచి చేసి చూశాను. వాచీ వణికింది. హమ్మయ్య!

అంతలో యాప్‌లో ఇంకో తెర. నేను కెమెరా పెట్టేలోపే ఆమె వేలు నీలం బటన్ మీద పడింది. తీరా చూస్తే అది అప్‌డేట్. వాచీ లోపలి సాఫ్ట్‌వేరే మారిపోతోంది, అయ్యేదాకా దానికి కాల్స్ రావు.

"ఎవలు నొక్కమన్నరు నిన్ను?"

"నువ్వే గద! నీలంది వచ్చినకాడల్లా అన్నవు!"

అప్‌డేట్ అరవై శాతం దగ్గరుండగా అండాలక్క ఫోను మోగింది. ఇక్కడ గిర్ని మోత లేదు కదా, మొదటి రింగుకే ఎత్తింది. "వస్తున్న బిడ్డా" అంటూ లేచింది.

"ఆగక్కా! ఫోను దూరం పోతె అప్‌డేట్ ఆగిపోతది, వాచీ ఖతమైతది!"

"రెండూ నా తాననే ఉంటయి గద, నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది!" అని రెండూ ఒకే సంచిలో వేసుకుని నల్గొండ బస్సెక్కింది.

సాయంత్రం ఫోను చేసింది. వెనకాల పసిపిల్ల ఏడుపు. కాన్పుకు ముందే చేరిందట. నాకూ కళ్లు చెమర్చాయి. అయినా నోరూరుకోక, వాచీ పని చేస్తోందా అని అడిగాను.

"సంచిలున్నది, ఎవలు చూసిండ్రు? ఫోను చేసేటిది నా పక్కనే పండుకున్నది" అంది.